గోరంట్ల 14వ నంబరు ఇల్లు: నవంబరు 9 నాటి తనిఖీలో గుర్తించిన లోపాలు, సరిచేయవలసిన పనులు

నిర్మాణ సంస్థ మేనేజింగ్ పార్ట్‌నర్ గారికి,

నమస్కారం.

గుంటూరు గోరంట్లలోని మీ వెంచరులో మేము కొనుగోలు చేసిన 14వ నంబరు డూప్లెక్స్ ఇంటిని, తాళాలు తీసుకునే ముందు క్షుణ్ణంగా చూసుకోవాలన్న ఉద్దేశంతో, నవంబరు 9వ తేదీ ఆదివారం మేము, మా తరఫు సివిల్ ఇంజనీరు, మీ సైటు సూపర్‌వైజరు, మీ ఎలక్ట్రీషియను కలిసి తనిఖీ చేశాం. ఆ రోజు చూసినవన్నీ మీ సూపర్‌వైజరు గారి సమక్షంలోనే కొలిచి, ఫొటోలు తీశాం. వాటిని ఈ మెయిలుకు జతచేశాం. ఏ గదిలోవి ఆ గది పేరుతో ఫోల్డర్లుగా పెట్టాం.

ముందుగా ఒక మాట చెప్పడం న్యాయం. ఇంటి స్తంభాలు, బీములు, మెట్ల స్లాబు పనితనం బాగుందని మా ఇంజనీరు గారు స్పష్టంగా చెప్పారు. మెట్ల ఎత్తులన్నీ సమానంగా వచ్చాయి, బయటకు కనిపించే కాంక్రీటులో ఎక్కడా కంకర తేలలేదు. మా ఆందోళనంతా ప్రధానంగా నీటి గురించే. డాబా మీద, కింది బాత్రూంలో, ఇంటి చుట్టూ వేసిన గచ్చు దగ్గర నీరు పోవలసిన దారిన పోవడం లేదు. ఈ మూడూ సరికాకుండా లోపల లప్పం పెట్టి రంగులు వేస్తే మచ్చలు తాత్కాలికంగా మరుగుపడతాయే తప్ప చెమ్మ ఆగదు. అందువల్ల నీటికి సంబంధించిన పనులు పూర్తయి, పరీక్షలో నిలిచేవరకు లోపలి రంగుల పని ఆపవలసిందిగా కోరుతున్నాం.

డాబా విషయం. గత నెలాఖరు వానల తర్వాత పై అంతస్తులో పడమటి పడకగది సీలింగుపై, ఫ్యాను హుక్కుకు రెండడుగుల దూరంలో, పళ్లెమంత చెమ్మ మచ్చ ఏర్పడింది. తనిఖీ రోజున దాని అంచుల్లో పసుపు చార కట్టి ఉంది, వేలితో రుద్దితే లప్పం పొడిగా రాలింది. పైకి వెళ్లి చూస్తే కారణం తేటతెల్లమైంది. డాబాపై వాటం నైరుతి మూలనున్న వాన నీటి గొట్టం వైపు ఉండవలసింది, గది నడిమి భాగం వైపు పోతోంది. పైగా గొట్టం మూతి చుట్టుపక్కల గచ్చు కంటే 12 మిల్లీమీటర్లు ఎత్తులో ఉంది. మేము పోసిన నీరు గంట గడిచినా గొట్టంలోకి పోకుండా, సరిగ్గా కింద మచ్చ ఉన్న చోటుకు పైభాగాన మడుగు కట్టి నిలిచింది. పిట్టగోడ, స్లాబు కలిసే మూలలో గోలా కట్టలేదు. అక్కడ పడమటి వైపు పొడవునా వెంట్రుక మందం చీలిక కనిపిస్తోంది.

మీ సూపర్‌వైజరు గారు మచ్చ ఉన్న చోట పైనుంచి వాటర్‌ప్రూఫ్ రసాయనం రెండు పూతలు వేస్తే సరిపోతుందన్నారు. ఆయన అనుభవం పట్ల గౌరవం ఉన్నా, దీనికి మేము ఒప్పుకోలేకపోతున్నాం. నీరు నిలిచే వాటం అలాగే ఉంటే, మన గుంటూరు ఎండలకు ఆ పూత ఒకటి రెండు వేసవులు దాటి నిలవదు. గొట్టం మూతి చుట్టూ గచ్చు తీసి మూతిని దించి, పడమటి భాగమంతా కనీసం నూటికి ఒకటి వాటంతో గచ్చు తిరిగి వేసి, పిట్టగోడ మూలల్లో గోలా కట్టి, ఆ తర్వాతే వాటర్‌ప్రూఫ్ పూత వేయాలి. కొత్త గచ్చును వారం రోజులు తగ్గకుండా తడపాలి. చివరగా గొట్టాలు మూసి, డాబా మీద 48 గంటలు నీళ్లు కట్టి ఉంచి, కింది సీలింగు పొడిగా ఉందో లేదో మా సమక్షంలో చూడాలి.

కింది అంతస్తు బాత్రూం మాకు మరీ ముఖ్యం. అది మా అమ్మగారు వాడవలసిన గది. ఆమెకు మోకాళ్ల నొప్పులున్నాయి, తడి నేల మీద కాలు జారితే జరిగే అనర్థం మీకు చెప్పనక్కరలేదు. అక్కడ ఒక బకెట్ నీళ్లు వంపి చూశాం. సగం నీరు జాలీ వైపు పోగా, మిగతా సగం కమోడ్ పక్క మూలలో నిలిచింది, కొంత గడప రాయి దాటి పడకగదిలోకి వచ్చింది. రసమట్టం పెట్టి చూస్తే తలుపు దగ్గర రెండు వరసల టైల్స్ వాటం పడకగది వైపే ఉంది. అవి తీసి, తలుపు నుంచి జాలీ దాకా ఏకవాటంగా తిరిగి పరవాలి. టైల్స్ కూడా నున్నటివి వేశారు. స్పెసిఫికేషన్ పట్టికలో బాత్రూములకు జారని రకం అని రాసి ఉంది కాబట్టి ఈ గదిలో నేల టైల్స్ మొత్తం మార్చాలి.

అదే బాత్రూం గోడకు అవతల వంటింటి స్టోరులో, నేల నుంచి అడుగున్నర ఎత్తు వరకు గోడకు చవుడు పట్టింది. నేల కింద జాయింటులో నుంచి నీరు ఊరుతోందా, గోడలోని పైపు కారుతోందా, వాటర్‌ప్రూఫింగ్ లోపమా అన్నది టైల్స్ పగలగొట్టక ముందే తేల్చుకోవాలి. మొదట నీటి పైపులను ప్రెషర్ పంపుతో పరీక్షించి, ముల్లు పడిపోకుండా ఉంటే, అప్పుడు జాలీ మూసి నేల మీద నీళ్లు కట్టి చూడాలని మా ఇంజనీరు సూచన. ఏ పరీక్షలో ఏం తేలిందో రాతపూర్వకంగా తెలియజేయండి.

గోడల పగుళ్లను మేము అన్నిటినీ ఒకే గాటన కట్టడం లేదు. హాల్లో స్తంభానికీ ఇటుక గోడకూ మధ్య నిలువుగా వచ్చిన పగుళ్లు, ఆ జాయింటుపై కోడి మెష్ కట్టకుండా పూత పూయడం వల్ల వచ్చినవి. నాలుగు చోట్ల అలా ఉన్నాయి. జాయింటుకు ఇరువైపులా నాలుగేసి అంగుళాలు పూత తీసి, మెష్ బిగించి, తిరిగి పూయిస్తే సరిపోతుంది. సన్నని ఎండు పగుళ్ల సంగతి రంగుల మేస్త్రీ చూసుకోగలరు. ఈశాన్య గదిలో కిటికీ కింది మూల నుంచి నేల వైపు ఏటవాలుగా దిగిన పగులు మాత్రం వేరు. దాని వెడల్పు మధ్యలో ఒకటిన్నర మిల్లీమీటర్లు ఉంది, గోడకు బయటి వైపు కూడా అదే వరసలో కనిపిస్తోంది. ఆ గోడకు బయట వేసిన గచ్చు అంగుళం పైగా కుంగి, గోడకూ గచ్చుకూ మధ్య ఖాళీ ఏర్పడి, వాన నీరు నేరుగా పునాది పక్కకు దిగుతోంది.

మన ప్రాంతపు నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుందని, ఎండితే కుంచించుకుపోతుందని మీకు తెలియనిది కాదు. పునాది పక్కన మట్టి ఇలా తడుస్తూ ఎండుతూ ఉంటే ఈ పగులు పెరిగే ప్రమాదం ఉంది. ప్రస్తుతానికి ఇంటికి ముప్పు ఉన్నట్టు కనిపించడం లేదని మా ఇంజనీరు చెప్పారు. అయినా పగులుకు అడ్డంగా మూడు చోట్ల గాజు పలకలు అతికించి, తేదీ వేసి, మార్పును గమనించాలన్నారు. కుంగిన గచ్చు తొలగించి, కింద నల్లమట్టి స్థానంలో గ్రావెల్ పోసి పొరలు పొరలుగా తడిపి దిమ్మిస కొట్టి, ప్రహరీ వైపు వాటంతో మూడడుగుల వెడల్పున గచ్చు తిరిగి వేయించండి. మీ స్ట్రక్చరల్ ఇంజనీరు ఈ పగులును స్వయంగా చూసి, సంతకంతో అభిప్రాయం ఇవ్వాలి. గాజు పలకలు పగలలేదని తేలేదాకా దాన్ని పూడ్చవద్దు.

విద్యుత్ పనుల్లో కనిపించినవి ప్రాణాపాయానికి సంబంధించినవి కాబట్టి మిగతా వాటి కోసం ఆగకుండా ఈ వారమే చేయించండి. డిస్ట్రిబ్యూషన్ బోర్డులోని 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీపై టెస్ట్ బటన్ నొక్కితే అది ట్రిప్ కాలేదు. మీ ఎలక్ట్రీషియనే మూడుసార్లు నొక్కి చూశారు. వంటగట్టు మీది రెండు సాకెట్లలో ఫేజు, న్యూట్రల్ తారుమారయ్యాయి, గీజరు పాయింటుకు ఎర్త్ అందడం లేదు. ఏసీ పాయింట్లకు 4 చదరపు మిల్లీమీటర్ల వైరు ఇస్తామని స్పెసిఫికేషన్‌లో ఉండగా రెండు పడకగదుల్లో 2.5 వైరు లాగారు. ఆర్‌సీసీబీ మార్చి, వైర్లు మార్చి, ఎర్త్ పిట్ రెసిస్టెన్స్ కొలిచి, ఆ రీడింగు మాకు ఇవ్వాలి.

మిగిలినవి చిన్నవే అయినా వదిలేయదగినవి కావు. హాల్లో పదకొండు టైల్స్ నాణెంతో తడితే డొల్లగా మోగుతున్నాయి, వాటిపై చాక్‌పీసుతో గుర్తులు పెట్టాం. ఆ గుర్తులు చెరిగిపోకముందే తీసి మార్చాలి. పై పడకగది తలుపు నేలకు రాసుకుంటోంది, సింహద్వారం కింది గడియ పట్టడం లేదు. యూపీవీసీ కిటికీల కింది పట్టీల్లో నీరు పోయే రంధ్రాలు సిమెంటుతో మూసుకుపోయాయి. దక్షిణం వైపు సజ్జల అడుగున నీటి గాడి వదలలేదు, అందుకే కిటికీల పైన గోడ మీద నల్లటి చారికలు దిగాయి. బాల్కనీ రెయిలింగు చేతితో ఊపితే కదులుతోంది. పిల్లలు ఆనుకునే చోటు కాబట్టి దాన్ని వెంటనే గట్టిగా బిగించండి.

గృహప్రవేశానికి ఫాల్గుణ మాసంలో ముహూర్తం చూసుకుంటున్నాం కాబట్టి, నీటి పనులు ఆరడానికి, పరీక్షించడానికి కావలసిన సమయం ఉంది. హడావిడిగా మూసేయడం కన్నా నెమ్మదిగా, సక్రమంగా చేయించడమే మాకు కావాలి. ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో తెలిపే పట్టికను నవంబరు 14 శుక్రవారంలోగా ఈ మెయిలుకు జవాబుగా పంపండి. డాబా, బాత్రూం, బయటి గచ్చు పనులు ముగిశాక డిసెంబరు 14 ఆదివారం రెండో తనిఖీ చేద్దాం. అగ్రిమెంటు ప్రకారం అప్పగింత సమయంలో చెల్లించవలసిన చివరి వాయిదా సొమ్ము సిద్ధంగా ఉంది. పైన రాసిన పనులు పూర్తయి, నీటి పరీక్షలు నిలిచిన రోజునే దాన్ని చెల్లిస్తాం.

స్థిరాస్తి (నియంత్రణ, అభివృద్ధి) చట్టం, 2016లోని 14(3) సెక్షను ప్రకారం, స్వాధీనం చేసిన నాటి నుంచి ఐదేళ్లలోపు మీ దృష్టికి తెచ్చిన నిర్మాణ, పనితనం, నాణ్యతా లోపాలను అదనపు ఖర్చు లేకుండా 30 రోజుల్లో సరిచేయవలసిన బాధ్యత ప్రమోటరుదే. దీన్ని ప్రస్తావించడం మీపై నమ్మకం లేక కాదు. చవుడు, ఏటవాలు పగులు లాంటివి అప్పగింత తర్వాత మళ్లీ బయటపడితే, వాటిని ఇప్పుడే మీ దృష్టికి తెచ్చినట్టు రికార్డులో ఉండాలన్నదే మా ఉద్దేశం.

పనులు జరిగే రోజుల్లో ఉదయం తొమ్మిది నుంచి పదకొండు వరకు మాలో ఒకరు సైటులో ఉంటాం. డాబా గచ్చు పగలగొట్టే రోజు, నీళ్లు కట్టే రోజు మాత్రం ఒకరోజు ముందుగా ఫోనులో చెబితే మా ఇంజనీరును కూడా తీసుకొస్తాం. సైటు సూపర్‌వైజరు గారికి ఈ మెయిలు ప్రతిని పంపుతున్నాం.

ఇట్లు,
14వ నంబరు ఇంటి కొనుగోలుదారులు
గోరంట్ల, గుంటూరు

జతచేసినవి: గదుల వారీగా ఫొటోలు, మా ఇంజనీరు కొలతల పట్టిక, అగ్రిమెంటులోని స్పెసిఫికేషన్ పేజీ