తూర్పు ట్యాంకు వార్డుల్లో కామెర్లు: జిల్లా పాలనాధికారికి లేఖ

సెప్టెంబరు 18

గౌరవనీయులైన జిల్లా పాలనాధికారి గారికి,

విషయం: పట్టణంలోని 7, 8, 9, 11 వార్డుల్లో హెపటైటిస్-ఈ వ్యాప్తి. దర్యాప్తులో తేలినవి, వెంటనే చేయాల్సినవి.

నమస్కారం మేడమ్,

తూర్పు ట్యాంకు నీళ్లు వెళ్లే నాలుగు వార్డుల్లో కామెర్లు వ్యాపిస్తున్నాయి. కారణం హెపటైటిస్-ఈ వైరస్. మురుగు కలిసిన కుళాయి నీళ్ల ద్వారా అది ఇళ్లలోకి చేరుతోంది. ఆ మురుగు ప్రధానంగా 8వ వార్డులో మురుగు కాలువ లోపలి నుంచి వెళ్తున్న పైపులైను జాయింటు దగ్గర కలుస్తోందని మా దర్యాప్తులో తేలింది. ఈ లైనుకు మళ్లీ నీళ్లు వదిలేది 20వ తేదీ ఉదయం 6 గంటలకు. ఆలోపు ఆ లైను వాల్వు మూయించి, ట్యాంకర్లతో నీళ్లు ఇప్పించాలని కోరుతున్నాను. మిగతా విషయాలు ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు, ఇది మాత్రం ఆగదు.

ఆగస్టు 13 నుంచి సెప్టెంబరు 16 వరకు కళ్లు పచ్చబడినవారు, మూత్రం ముదురు రంగులోకి మారినవారు 143 మంది దొరికారు. వారాలవారీగా చూస్తే 4, 9, 22, 41, 67. అంటే పెరుగుదల ఇంకా ఆగలేదు. 24 మంది రక్త నమూనాలు పంపితే 19 మందిలో హెపటైటిస్-ఈ ఇటీవలే సోకిందని చూపే ఐజీఎం పరీక్ష పాజిటివ్ వచ్చింది. హెపటైటిస్-ఎ ఎవరిలోనూ లేదు. రోగుల్లో ఎక్కువమంది 15 నుంచి 40 ఏళ్ల వాళ్లే. చిన్నపిల్లల్లో కేసులు తక్కువగా కనిపిస్తున్నాయని నిశ్చింతగా ఉండలేం. ఈ వైరస్ సోకినా పిల్లలకు చాలావరకు కళ్లు పచ్చబడవు, అందుకే లెక్కలోకి రారు.

ముగ్గురు చనిపోయారు. ఒకరు అప్పటికే కాలేయ జబ్బు ఉన్న 52 ఏళ్ల మనిషి. మిగతా ఇద్దరూ నెలలు నిండబోతున్న గర్భిణులు. ఇప్పటివరకు జబ్బుపడిన గర్భిణులు 11 మంది, వారిలోనే ఈ రెండు మరణాలు. సంఖ్య చిన్నది కాబట్టి శాతాలు కట్టను. కానీ ఈ వైరస్ స్వభావమే అంత. మామూలు ఆరోగ్యవంతుల్లో కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గిపోయే జబ్బు, గర్భం చివరి మూడు నెలల్లో సోకితే కాలేయాన్ని ఒక్కసారిగా దెబ్బతీయగలదు. గత వ్యాప్తుల్లో ఆ దశలో జబ్బుపడిన వారిలో 20 నుంచి 25 శాతం వరకు చనిపోయిన సందర్భాలు ఉన్నాయి. ఆరోగ్య కార్యకర్తల రిజిస్టర్ల ప్రకారం ఈ నాలుగు వార్డుల్లో ఇప్పుడు 126 మంది గర్భిణులు ఉన్నారు, అందులో 41 మంది చివరి మూడు నెలల్లో ఉన్నారు. నేను ఈ ఉత్తరం రాస్తున్నది అన్నిటికంటే ముందు వాళ్ల కోసం.

నీళ్లే కారణమని ఎందుకు అంటున్నానో చెప్పాలి, ఎందుకంటే మీ దగ్గరికి వేరే వాదనలు కూడా వస్తాయి. 143 మందిలో 129 మంది తూర్పు ట్యాంకు వార్డుల వాళ్లు. అక్కడి జనాభా 11,400. పడమటి ట్యాంకు పరిధిలో 13,200 మంది ఉన్నా కేసులు 9 మాత్రమే, ఆ తొమ్మిదిలో ఏడుగురు రోజూ తూర్పు వార్డులకు పనికో చదువుకో వచ్చేవాళ్లు. జనాభాతో పోల్చితే తూర్పు వైపు జబ్బు 16 రెట్లకు పైగా ఎక్కువ. మిగిలిన ఐదుగురు ఊరి బయటివాళ్లు, వాళ్లూ ఈ వార్డుల్లోనే పనిచేస్తారు. ఏదో విందు భోజనం వల్ల వచ్చిందన్న మాట వినిపించింది. రోగుల్లో సగంమందికి పైగా ఆ మధ్య ఏ విందుకూ వెళ్లలేదు. ఒకే వీధిలో జబ్బుపడ్డ 40 మందినీ, జబ్బుపడని 80 మంది ఇరుగుపొరుగునూ పక్కపక్కన పెట్టి అడిగాం. నీళ్లు మరిగించి తాగే అలవాటు జబ్బుపడ్డవారిలో ముగ్గురికే ఉంది, పడనివారిలో 31 మందికి ఉంది. ఈ లెక్కన మరిగించి తాగేవారికి జబ్బు వచ్చే అవకాశం సుమారు ఎనిమిదో వంతు.

14వ తేదీ ఉదయం సరఫరా సమయంలో 8వ వార్డు చివరి సందులో నిలబడి చూశాం. ఆ సందుకు రెండు రోజులకోసారి ముప్పావు గంట నీళ్లు వస్తాయి. కుళాయి తిప్పగానే ముందు గాలి బుసకొట్టింది. తర్వాత ఓ మూడు నాలుగు నిమిషాలు బూడిదరంగు నీళ్లు, కాలువ వాసనతో. ఆ ఇంటావిడ మొదటి బిందె పారబోసి, రెండో బిందె నుంచి తాగడానికి పట్టుకుంటానని చెప్పారు. పాపం, ఆవిడ తనకు తెలిసిన జాగ్రత్త తాను తీసుకుంటున్నారు. రెండో బిందె నీళ్లు కంటికి తేటగానే ఉన్నాయి. పరీక్షిస్తే వాటిలో క్లోరిన్ సున్నా.

అదే రోజు కాలువ పలకలు లేపించాం. మురుగులో మునిగిన పైపు జాయింటు దగ్గర, నీళ్లు వదిలినప్పుడు బుడగలు పైకి వచ్చాయి. సరఫరా ఉన్నంతసేపు అక్కడి నుంచి నీళ్లు బయటికి కారతాయి. సరఫరా ఆగగానే పైపు ఖాళీ అవుతుంది, అప్పుడు అదే జాయింటు ఖాళీలోంచి మురుగు లోపలికి వెళ్తుంది. కుళాయికి నేరుగా మోటార్లు బిగించి లాగడం వల్ల ఇది ఇంకా ఎక్కువవుతోంది. ట్యాంకు దగ్గర లీటరుకు 0.6 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉంది, కాబట్టి ట్యాంకు సిబ్బంది తమ పని చేస్తూనే ఉన్నారు. కానీ చివరి వీధుల్లో చూసిన 20 కుళాయిల్లో 14 చోట్ల అసలు లేదు, మిగతా ఆరింట 0.1 దాటలేదు. 12 నీటి నమూనాల్లో తొమ్మిదింట మలం కలిసిందని చూపే ఈ.కోలి బ్యాక్టీరియా ఉంది.

జులై 24 నుంచి 27 వరకు కురిసిన వానలకు ఈ కాలువ పొంగిందని పురపాలక ఇంజినీరింగ్ విభాగం రికార్డులో ఉంది. వైరస్ ఒంట్లోకి చేరిన తర్వాత జబ్బు బయటపడటానికి 2 నుంచి 10 వారాలు, సగటున 5, 6 వారాలు పడుతుంది. జులై చివర పొంగిన కాలువకు, ఆగస్టు మధ్యలో మొదలై సెప్టెంబరులో ఎగబాకిన కేసులకు లెక్క సరిపోతోంది.

ఈ వ్యవధి గురించి మీరు ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఒకటి ఉంది. ఈ రోజు జాయింటు మూసినా రేపటి నుంచి కేసులు తగ్గవు. ఇప్పటికే వైరస్ సోకి ఇంకా బయటపడనివాళ్లు అక్టోబరు అంతా వస్తూనే ఉంటారు, కొద్దిమంది నవంబరు చివరి వారం దాకా రావచ్చు. ‘ఇన్ని చర్యలు తీసుకున్నా ఎందుకు పెరుగుతోంది’ అని అందరూ మిమ్మల్ని అడుగుతారు. ఆ ఒత్తిడికి చర్యలు సడలించకూడదు. ఈ వారం చేసే పని ఫలితం అక్టోబరు చివరికి గానీ కనపడదు.

వాల్వు మూయడంతోపాటు నాలుగు వార్డులకూ ట్యాంకర్లు పెట్టాలి. ట్యాంకరు నింపేటప్పుడు లీటరుకు 1 మిల్లీగ్రాము క్లోరిన్ ఉండేలా చూడాలి, ఇంటి బిందెలోకి వచ్చేసరికి కనీసం 0.5 మిగలాలి. పైపుల సరఫరా ఎక్కడ కొనసాగినా చివరి కుళాయి దగ్గర కూడా ఇదే కొలత. ట్యాంకు దగ్గరి రీడింగు ఒక్కటే చూపించి నీళ్లు బాగున్నాయని ఇచ్చే రిపోర్టును దయచేసి అంగీకరించకండి.

నీళ్లు మరిగించి తాగమనే ప్రకటన మీ సంతకంతో వెళ్లాలి. తెర్లే దాకా కాచి, ఒక నిమిషం అలాగే ఉంచి, చల్లారాక అదే గిన్నెలో మూతపెట్టుకోవాలని సూటిగా చెబితే చాలు. పళ్లు తోముకోవడానికి, కూరగాయలు కడగడానికి కూడా ఆ నీళ్లే వాడాలి. కాచుకునే వీలు లేని ఇళ్లకు ట్యాంకరు నీళ్లలో మొదటి వంతు ఇవ్వాలి.

గర్భిణుల విషయం విడిగా చూడాలి. 126 మందికీ తాగే నీళ్లు ఇంటికే చేరాలి, వాళ్లను ట్యాంకరు లైనులో నిలబెట్టకూడదు. ఆరోగ్య కార్యకర్త వారానికి రెండుసార్లు వెళ్లి కళ్లు చూడాలి, వాంతులు, నీరసం, మగతగా ఉండటం గురించి అడగాలి. కామెర్ల అనుమానం వస్తే అదే రోజు బిలిరుబిన్‌తోపాటు రక్తం గడ్డకట్టే సమయం పరీక్ష చేయించాలి. ఆ సమయం పెరిగినా, మనిషి తికమకగా మాట్లాడినా, రక్తనిధి, ఐసీయూ ఉన్న జిల్లా ఆసుపత్రికే నేరుగా తీసుకెళ్లాలి. చనిపోయిన ఇద్దరిలో ఒకామెను మూడు చోట్ల తిప్పాకే అక్కడికి చేర్చారు. 8వ వార్డు దగ్గర ఒక అంబులెన్సును ఈ పనికే ఉంచమని కోరుతున్నాను.

ఈ వైరస్‌కు యాంటీబయాటిక్స్ పనిచేయవు, కాబట్టి మందులు మూకుమ్మడిగా పంచే ఆలోచన వద్దు. కామెర్లకని తెలియని మందులు మింగితే కాలేయానికి ఇంకా హాని. బడులు మూయాల్సిన అవసరం లేదు, అక్కడి తాగునీటి ట్యాంకులు శుభ్రం చేయించి క్లోరిన్ చూస్తే సరిపోతుంది. ఒకరి నుంచి ఒకరికి నేరుగా అంటుకోవడం ఈ జబ్బులో తక్కువ, రోగులను వెలివేసినట్టు చూడొద్దని ప్రకటనలో ఒక మాట చేర్చండి. టీకా సంగతి కూడా మీకు ఎవరైనా చెప్పొచ్చు. 2011లో చైనాలో అనుమతి పొందిన టీకా ఒకటి ఉంది, 2022లో దక్షిణ సూడాన్‌లో ఒక వ్యాప్తిని అదుపు చేయడానికి వాడారు కూడా. కానీ మూడు డోసులు పూర్తికావడానికి ఆరు నెలలు పడుతుంది. మనకు ముందు కావాల్సింది పైపు మరమ్మతు.

జాయింటుకు క్లాంపు వేసి పని అయిపోయిందనుకుంటే వచ్చే వానలకు మళ్లీ ఇదే కథ. సుమారు 180 మీటర్ల లైను కాలువ లోంచి బయటికి తీసి, కాలువ కంటే ఎత్తులో వేయాలి. ఇంజినీరింగ్ విభాగం మూడు వారాలు అడుగుతోంది. రోడ్డు తవ్వకానికి అనుమతులు మీ స్థాయిలో ఒకేసారి ఇస్తే రెండు వారాల్లో అవుతుందని వాళ్లే అంటున్నారు. లైను మళ్లీ తెరిచే ముందు బాగా క్లోరిన్ పట్టించి, కడిగి, చివరి కుళాయిల్లో వరుసగా మూడు సరఫరాల్లో 0.5 వచ్చాకే తాగడానికి అనుమతించాలి. బ్యాక్టీరియా పరీక్ష బాగా వచ్చిందని అంతటితో తెరవకూడదు. 1955-56లో ఢిల్లీలో యమున వరద తర్వాత మురుగు నీటి శుద్ధి కేంద్రంలోకి చేరినప్పుడు క్లోరిన్ పెంచారు. టైఫాయిడ్ లాంటి బ్యాక్టీరియా జబ్బులు పెద్దగా పెరగలేదు, కానీ 29,000 మందికి పైగా కామెర్లు వచ్చాయి. అది హెపటైటిస్-ఈ అని తర్వాత చాలా ఏళ్లకు తేలింది.

చివరిగా, ప్రైవేటు క్లినిక్కులు, ల్యాబులు కామెర్ల కేసులు ప్రతి సాయంత్రం మాకు తెలియజేయాలని మీ ఉత్తర్వు కావాలి. మా జాబితాలో మూడో వంతు మంది ఇంటింటి సర్వేలోనే దొరికారు, ఎవరూ రిపోర్టు చేయలేదు. వార్డుల మ్యాపు, కుళాయిల రీడింగులు, గర్భిణుల జాబితా విడి కవరులో జతచేశాను. జాబితాలో పేర్లున్నాయి కాబట్టి వైద్యాధికారికి తప్ప ఎవరికీ ఇవ్వొద్దని మనవి. రేపు ఉదయం మీరు ఏ సమయం చెబితే ఆ సమయానికి ఇంజినీరు గారితో కలిసి వస్తాను. వీలైతే సమావేశం 8వ వార్డులోనే పెట్టండి, కాలువ పలకలు ఇంకా తెరిచే ఉన్నాయి.

ఇట్లు,
క్షేత్ర ఎపిడెమియాలజిస్టు,
జిల్లా వ్యాధి నిఘా విభాగం

ప్రతి: జిల్లా వైద్యాధికారికి, పురపాలక ఇంజినీరుకు