గుడ్ మార్నింగ్ కరెంటాయనా

గుడ్ మార్నింగ్ కరెంటాయనా. లేచినావా? లేవలేదని తెలుసులే. రాత్రి ఒంటిగంటకు ఇల్లు చేరిన మనిషి ఏడింటికి ఎట్లా లేస్తాడు? అందుకే ఫోన్ చేయకుండా రాస్తున్నా. రోజూ పెట్టే గులాబీ బొమ్మ, చాయ్ కప్పు బొమ్మతో ఈ రోజు పని జరగదు. చెప్పాల్సింది చాలా ఉంది, పైగా కిటికీ సీటు దొరికింది. ఆడవాళ్లకు ఫ్రీ బస్సు వచ్చినాక కోడుమూరు పల్లెవెలుగులో కిటికీ సీటంటే లాటరీ తగిలినట్టే. టికెట్టు సున్నా, ప్రయాణం గంట. నువ్వు లేచేసరికి ఇది ఎంత పొడుగవుతుందో నాకే తెలీదు.

ముందుగా ఒక పంచాయితీ.

బళ్ళారి చౌరస్తా దాటినాక బ్యాగులోంచి నోట్‌బుక్కులు తీసినా. ఎనిమిదో తరగతి లెక్కలవి. రాత్రి దిద్దుతూ దిద్దుతూ వాటి మీదే తల పెట్టి పడుకున్నా కదా, ఇంకా ఆరు మిగిలినాయి, దారిలో కానిద్దామనుకున్నా. తెరిస్తే ఏముంది, ఆరూ దిద్దేసి ఉన్నాయి! ముందు నేనే నిద్రలో దిద్దినానేమో అనుకున్నా. తర్వాత టిక్కులు చూసినా. నా టిక్కు చిన్నగా, మూలన ఉంటుంది. ఇవేమో స్తంభం మీంచి లాగిన సర్వీసు వైరు మాదిరి పేజీ ఈ చివర నుంచి ఆ చివరకు ఉన్నాయి. ఇంకెవరు? కింద నా సంతకం కూడా! ఆ చివరి మెలికతో సహా. పెళ్లి రిజిస్ట్రేషన్ కాగితాల మీద ఒక్కసారి చూసినావు, అంతే కదా? ఇట్లాంటి మొగుడికి నా చెక్కుబుక్కు చూపించకూడదు.

రాత్రి ఫీడర్ ట్రిప్పయ్యి అంత లేటయింది, అన్నం కూడా సరిగ్గా తినలేదు. అయినా కూర్చొని దిద్దినావు. పెన్నుకు మూత పెట్టి, నా కళ్లజోడు తీసి డబ్బాలో పెట్టి, దుప్పటి కప్పి... ఇదంతా నాకు తెలీలేదనుకున్నావా? దుప్పటి కప్పేటప్పుడు మెలకువ వచ్చింది. కళ్లు తెరిస్తే 'ఇంకా పడుకోలేదా' అని నేనే నిన్ను అరవాల్సి వస్తుందని, హాయిగా నిద్ర నటించినా.

అయితే సార్, ఒక ప్రమాదం జరిగింది. చివరి బెంచీ పిల్లోడి నోట్‌బుక్కు గుర్తుందా, బ్రౌన్ అట్ట చిరిగినది? వాడు (a + b)² = a² + b² అని రాస్తే టిక్కు పెట్టినావు. పక్కన 'శభాష్' అని కూడా రాసినావు! మధ్యలో 2ab ఏమైంది స్వామీ? డిప్లొమా ఎట్లా పాసయినావు నువ్వు?

కొట్టేద్దామని ఎర్ర పెన్ను తీసినా. చేయి రాలేదు. వాడి నోట్‌బుక్కు మొదటి నుంచి తిప్పి చూస్తే అంతా ఇంటు మార్కులే, అన్నీ నేను పెట్టినవే. ఈ ఏడాది మొత్తానికి వాడికి వచ్చిన శభాష్ నీది ఒక్కటే. అందుకని దాన్ని అట్లే ఉంచి, మధ్యలో + 2ab మాత్రం ఇరికించినా. నేను టీచరునై ఇన్నేళ్లయింది, తప్పు లెక్కకు శభాష్ ఇవ్వడం ఇదే మొదలు. నీ సావాసం.

నువ్వు మళ్లీ తప్పు చేయకుండా 2ab గురించి పాఠం చెప్తా, విను. a ఒక్కడే ఉన్నప్పుడు వాడి లెక్క వాడిది, b లెక్క b ది. ఇద్దరినీ ఒకే బ్రాకెట్‌లో వేసినాక మాత్రం, అంతకు ముందు ఇద్దరి దగ్గరా లేనిది ఒకటి కొత్తగా పుడుతుంది. అదీ రెండింతలు. మొన్న శ్రావణంలో మనిద్దరినీ బ్రాకెట్‌లో వేసినారు కదా, మూడు నెలలుగా నేను చూస్తున్నది ఈ 2ab నే. అర్థమయిందా? కాకపోతే సాయంత్రం ట్యూషన్. ఫీజు, మూల మీద బండి దగ్గర మిరపకాయ బజ్జీలు.

ఇంకొకటి చెప్తా, నవ్వకూడదు.

నేను వచ్చిన మొదటి వారం, అత్తమ్మ 'గూట్లో బుడ్డలు ఉండాయి, తీసుకురామ్మా' అన్నారు. కడపలో పుట్టి పెరిగిన దాన్ని, నాకు బుడ్డి అంటే నూనె బుడ్డి. పరిగెత్తిపోయి నూనె బుడ్డి తెచ్చి నిలబడినా. అత్తమ్మ నా మొహం చూస్తున్నారు, నేను బుడ్డి మొహం చూస్తున్నా. మీ పిన్ని అప్పటికే నవ్వడానికి కొంగు అడ్డం పెట్టుకుంది. అప్పుడు నువ్వు అత్తమ్మ వెనక నిలబడి, మాటా పలుకూ లేకుండా, బొటనవేలితో ఏదో పుటుక్కున వలిచినట్టు చేసి, నోట్లో వేసుకొని నమిలినావు. చెనిక్కాయలు! కర్నూలులో చెనిక్కాయలను బుడ్డలంటారని ఆ రోజు తెలిసింది. 'అయ్యో, నూనె మూత గట్టిగా పెట్టినానా లేదా అని చూసినా అత్తమ్మా' అని కోసి, బుడ్డల డబ్బా తెచ్చి ఇచ్చినా. ఇప్పటికీ అత్తమ్మకు ఈ సంగతి తెలీదు. చెప్పినావో, నీ పని అయిపోతుంది.

ఆ రోజు అందరిలో నువ్వు 'అమ్మా, దానికి ఆ మాట తెలీదు' అనుంటే అదీ సాయమే. కానీ నేను చిన్నబోయేదాన్ని. నువ్వు అట్లా అనలేదు. రాత్రి దిద్దినావు, అదీ చెప్పలేదు. నీ పద్ధతే అంత. లైను నువ్వు సరిచేసి వస్తావు, ఇళ్లల్లో వాళ్లు 'ఆ, కరెంటొచ్చింది' అనుకుంటారు.

పెళ్లయిన కొత్తలో ఇదే బస్సులో, కొంగు కిటికీ వైపు తిప్పుకొని ఏడ్చినా ఒకసారి. అమ్మ గుర్తొచ్చి, మా వీధి గుర్తొచ్చి. నీకు చెప్పలేదు, ఏమనుకుంటావో అని. ఈ రోజు అదే బస్సులో నోట్‌బుక్కులు చూసి ఒక్కదాన్నే పకపకా నవ్వుతుంటే, పక్క సీటు అవ్వ 'ఏమ్మా, కొత్త పెళ్లికూతురివా?' అనింది. ఎట్లా కనుక్కుందో! అవునవ్వా అన్నా. రెండు చామంతులు తుంచి ఇచ్చింది. ఒకటి నీకు దాచినా, సాయంత్రానికి వాడిపోతుంది, అయినా తీసుకోవాల్సిందే.

బయట కంది చేలు పూసినాయి, పచ్చగా. పత్తి ఏరేవాళ్లు అప్పుడే చేన్లో దిగినారు. ఆదివారం నీకు డ్యూటీ లేకపోతే బండి మీద ఈ దారిన వద్దామా? నా స్కూలు చూపిస్తా. ఆ పిల్లోడిని కూడా.

ఇంక పనులు. అత్తమ్మకు కార్తీక సోమవారం ఉపవాసం, పక్కింటి పెద్దమ్మతో తుంగభద్రకు పోయినారు, పదింటికి వస్తారు. ఆమె వచ్చేలోపే తిను, ఉపవాసమున్న మనిషి ఎదురుగా కూర్చొని తినొద్దు. ఉగ్గాని చేసి గిన్నె మీద పళ్లెం బోర్లించినా. ఈసారి బొరుగులు నీళ్లలో ముంచి వెంటనే పిండేసినా, పోయినసారి మాదిరి మెత్తగా కాలేదు. పోయినసారి దాన్ని 'ఉగ్గాని సంగటి' అని పేరు పెట్టి రెండు ప్లేట్లు తిన్నావు చూడు, అప్పుడే అనుకున్నా ఈ మనిషి అబద్ధాలు బాగా ఆడతాడని. పప్పుల పొడి పక్కన గిన్నెలో ఉంది, పైన చల్లుకో.

ఇంట్లో అందరి ముందు 'ఏమండీ, మీరు' అంటూ, ఇక్కడ నువ్వు నువ్వు అని రాస్తున్నా కదా, ఈ మెసేజ్ ఎవరికైనా చూపించినావంటే ఇక్కడ కూడా మీరే.

కోడుమూరు వచ్చేసింది, దిగుతున్నా. అవునూ, గీజరు ఆపినానో లేదో గుర్తు లేదు. లేచి ముందు అది చూడు. కరెంటాయన ఇంట్లోనే బిల్లు అంత వచ్చిందంటే నీ పరువు పోతుంది.