సోలార్ వాళ్లకి పంపాల్సిన ఉత్తరం: తిరగరాసింది

నాన్నా,

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన డ్రాఫ్ట్ చదివాను. "మీలాంటి మోసగాళ్లని నా సర్వీసులో చూడలేదు. డబ్బులు చేతిలో పడేదాకా చెప్పులరిగేలా తిరిగారు, ఇప్పుడు ఫోనెత్తే దిక్కు లేదు. రెండు మూడు రోజుల్లో అన్నీ చెయ్యకపోతే మీ సంగతి చూస్తాను" అన్నావు. నీ కోపం న్యాయమే. కానీ ఇందులో ఆ సోలార్ ఏజెన్సీ అతను ఏం చెయ్యాలో ఎక్కడా లేదు, ఏ తేదీకో లేదు. 'మోసగాళ్లు' అన్న ఒక్క మాట పట్టుకుని పౌరుషానికి పోతే పని అక్కడే ఆగిపోతుంది. పైగా సబ్సిడీ స్కీమ్ ప్రకారం ఐదేళ్లు మెయింటెనెన్స్ చూడాల్సింది అతనే. రేపు ఇన్వర్టర్‌లో ఎర్రర్ వస్తే మళ్లీ అతన్నే పిలవాలి.

అందుకే తిట్లు తీసేశాను. డబ్బు లెక్క, తేదీలు మాత్రం నీకంటే గట్టిగానే పెట్టాను. ఆఫీసులో రోజూ సప్లయర్లకి మెయిళ్లు రాసే పనే కదా నాది, కాబట్టి ఈసారికి నా మాట విను. కింద ఉన్నది ఉన్నట్టుగా పంపెయ్.

---

తెనాలి,
8 సెప్టెంబర్ 2025, సోమవారం

సోలార్ ఏజెన్సీ ప్రొప్రయిటర్ గారికి నమస్కారం.

విషయం: మా ఇంటి మీద పెట్టిన 3 కిలోవాట్ల సోలార్ – నెట్ మీటరు అప్లికేషన్, శ్లాబు లీకేజీ, మిగిలిన ఎర్తింగు పని గురించి.

ముందుగా ఒక మంచి మాట. జూన్ 14న మీ కుర్రాళ్లు పని ముగించి వెళ్లినప్పుడు మా వీధిలో వాళ్లు వచ్చి చూసి మెచ్చుకున్నారు. స్ట్రక్చర్ గట్టిగా ఉంది. ఆరు ప్యానెళ్లూ నీడ పడకుండా సరిగ్గా దక్షిణానికి తిప్పి పెట్టారు. ఆ పనితనం చూసే మా ఇంటి పక్కవాళ్లకి కూడా మీ నంబరు ఇచ్చాను. ఈ ఉత్తరం కూడా ఆ నమ్మకంతోనే రాస్తున్నాను.

పని మొదలుపెట్టేటప్పుడు నెట్ మీటరు పదిహేను రోజుల్లో వస్తుందని చెప్పారు. జూన్ పోయింది, జులై పోయింది, ఆగస్టూ అయిపోయింది. సీజన్‌లో మీకు చాలా సైట్లు ఉండి ఉంటాయి, మా ఫైలు ఎక్కడో కిందపడి ఉండొచ్చు. అయితే స్కీమ్ పోర్టల్‌లో చూస్తే మా అప్లికేషన్ ఇంకా ఇన్‌స్టాలేషన్ వివరాలు ఎక్కించే దశ దగ్గరే ఆగి ఉంది. ఆ వివరాలు మీ లాగిన్ నుంచి వెళ్లాల్సినవి. అవి వెళ్లనిదే డిస్కం వాళ్లు ఇన్‌స్పెక్షన్‌కి రారు, మీటరు మారదు. మీటరు మారి కమిషనింగ్ రిపోర్టు రానిదే నాకు రావాల్సిన 78,000 రూపాయల సబ్సిడీ రాదు. మొదటి ముడి మీ దగ్గరే ఉందని మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఈ ఆలస్యంతో ఇంకో ఇబ్బంది వచ్చింది. అది మీ దృష్టికి వచ్చిందో లేదో అని వివరంగా రాస్తున్నాను. నెట్ మీటరు రాకముందే మీ వాళ్లు సిస్టమ్ ఆన్ చేసి వెళ్లారు. ఆగస్టు 27 మధ్యాహ్నం ఇంట్లో ఒక్క ఫ్యాను తప్ప ఏమీ ఆన్‌లో లేదు. అయినా మీటరు మీద ఎర్ర లైటు టకటకా కొట్టుకుంటోంది. ఇన్వర్టర్ స్విచ్ ఆపగానే ఆ వేగం తగ్గిపోయింది. లైన్‌మన్‌ని పిలిచి చూపిస్తే, పాత మీటరుకి కరెంటు లోపలికి వస్తోందో బయటికి పోతోందో తేడా తెలియదని, మనం బయటికి పంపిన యూనిట్లని కూడా వాడకంగానే లెక్క కట్టిందని చెప్పాడు. అంటే ఇన్నాళ్లూ మా డాబా మీద తయారైన కరెంటుకి మేమే బిల్లు కట్టాం. ఆ రోజు నుంచి సిస్టమ్ ఆపి ఉంచాను. రోజుకి పది పన్నెండు యూనిట్లు ఇవ్వాల్సిన ప్యానెళ్లు ఎండలో ఊరికే ఉన్నాయి.

లెక్క ఇది: పోయినేడు జులైలో మా వాడకం 296 యూనిట్లు, ఈ జులైలో 388. పోయినేడు ఆగస్టులో 288, ఈ ఆగస్టులో 392. రెండు నెలలకీ కలిపి 196 యూనిట్లు ఎక్కువ. ఇవన్నీ యూనిట్ 8 రూపాయల 75 పైసల శ్లాబులోనే పడ్డాయి కాబట్టి 1,715 రూపాయలు. సర్దుబాటు చార్జీలు, డ్యూటీ ఇందులో కలపలేదు. సోలార్ వల్ల బిల్లు ఎంత తగ్గాలో ఆ లెక్కా వెయ్యలేదు. బిల్లుల ఫొటోలు దీనితో పంపుతున్నాను, మీరూ ఒకసారి సరిచూసుకోండి.

రెండో విషయం డాబా శ్లాబు లీకేజీ. స్ట్రక్చర్ కాళ్లకి బోల్టులు దించిన చోట ఆగస్టు వానలకి నీళ్లు దిగాయి. మెట్ల వైపు రెండో కాలు కింద, పడగ్గది సీలింగ్ మీద చాటంత మేర పుట్టీ ఉబ్బి రాలుతోంది. బోల్టుల చుట్టూ కాంక్రీటు దిమ్మ కట్టి వాటర్‌ప్రూఫింగ్ చేస్తామని కొటేషన్‌లో రాశారు. నాలుగు కాళ్లకి దిమ్మలున్నాయి, మెట్ల వైపు రెండింటికి లేవు. మరిచిపోయారనే అనుకుంటున్నాను.

మూడోది ఎర్తింగు. ఏసీకి ఒకటి, డీసీకి ఒకటి, పిడుగు నిరోధకానికి ఒకటి, మొత్తం మూడు గుంతలని కొటేషన్‌లో ఉంది. రెండే తీశారు. పిడుగు నిరోధకం కడ్డీ ఇంకా మెట్ల కిందే పడుకుని ఉంది. వానల్లో ఉరుములు వినపడితే ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంటోంది.

కాబట్టి మీ నుంచి నేను కోరుతున్నవి ఇవి.

ఈ గురువారం, సెప్టెంబర్ 11 సాయంత్రం 6 గంటల లోపు పోర్టల్‌లో ఇన్‌స్టాలేషన్ వివరాలు, ఫొటోలు, ప్యానెళ్ల సీరియల్ నంబర్లు ఎక్కించి, నెట్ మీటరుకి కావాల్సిన కాగితాలు డిస్కంలో ఇచ్చి, అందినట్టు రుజువుగా స్క్రీన్‌షాటు గానీ రసీదు గానీ నాకు వాట్సాప్ చెయ్యండి. మీటరు ఏ రోజు పెడతారన్నది డిస్కం చేతిలో ఉన్న సంగతి నాకు తెలుసు, ఆ ఆలస్యాన్ని మీ నెత్తిన వెయ్యను. కాగితాలు ఇవ్వడం మాత్రం మీ చేతిలోదే. నా సంతకం ఎక్కడైనా కావాలంటే రేపు, ఎల్లుండి రోజంతా ఇంట్లోనే ఉంటాను.

సెప్టెంబర్ 14 ఆదివారం లోపు మిగిలిన రెండు దిమ్మలు కట్టించి, లీకేజీ ఆపి, మూడో ఎర్తింగు, పిడుగు నిరోధకం పని పూర్తి చెయ్యండి. సీలింగ్‌కి పుట్టీ పట్టించడం కూడా ఇందులోదే. ఆరడానికి టైము కావాలంటే ఆ ఒక్క పుట్టీ వరకు 20 దాకా ఆగుతాను.

సెప్టెంబర్ 20 శనివారం లోపు ప్యానెళ్లకీ ఇన్వర్టర్‌కీ వారంటీ కార్డులు, ప్యానెళ్లు మన దేశంలో తయారైన సెల్స్‌వేనన్న సర్టిఫికెట్టు, ఐదేళ్ల మెయింటెనెన్స్ అగ్రిమెంటు సంతకంతో సహా ఇవ్వండి.

డబ్బు విషయం కూడా స్పష్టంగా చెప్పుకుంటే ఇద్దరికీ మంచిది. మొత్తం 2,05,000 రూపాయలలో 1,75,000 ఇప్పటికే మీ ఖాతాకి పంపాను. మిగిలిన 30,000 నెట్ మీటరు పెట్టాక ఇవ్వాలన్నది మన ఒప్పందం. అందులో పైన చెప్పిన 1,715 తగ్గించుకుని 28,285 రూపాయలు మీటరు బిగించిన రోజే పంపుతాను. పై మూడు పనులూ అయి ఉంటే ఒక్క రోజు కూడా ఆపను.

ఆదివారానికి లీకేజీ పని కాకపోతే మాత్రం, ఇంటికి నష్టం జరుగుతుంటే చూస్తూ ఉండలేను కాబట్టి, 15వ తేదీ సోమవారం ఇక్కడి మేస్త్రీని పెట్టి చేయించి, ఆ బిల్లు మీకు పంపి, ఆ మొత్తం కూడా బ్యాలెన్సులోంచి తగ్గిస్తాను. గురువారానికి అప్లికేషన్ రుజువు అందకపోతే శుక్రవారం ఉదయం పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టి, దాని కాపీ డిస్కం ఆఫీసులో ఇస్తాను. 20 తర్వాత కూడా ఏదైనా మిగిలిపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పుకోవడం తప్ప నాకు దారి ఉండదు. ఇది బెదిరింపుగా తీసుకోవద్దు. ఏ రోజు ఏం చేస్తానో మీకు ముందుగా తెలిసి ఉండటం మర్యాద అని రాస్తున్నాను. అంత దూరం రానివ్వరనే నా నమ్మకం.

ఈ తేదీల్లో ఏదైనా మీకు నిజంగా కుదరకపోతే రేపు సాయంత్రం లోపు ఎందుకు కుదరదో, ఏ రోజు చేస్తారో రాసి పంపండి, మాట్లాడుకుందాం. జవాబు రాకపోతే ఈ తేదీలు మీకు సమ్మతమే అనుకుంటాను.

ఉంటాను.

మీ కస్టమర్,
మాస్టారు

జత: జులై, ఆగస్టు కరెంటు బిల్లులు (రెండేళ్లవి), సీలింగ్ ఫొటోలు, మీ కొటేషన్ కాపీ, డబ్బు పంపిన రసీదులు.

---

నాన్నా, ఇందులో ఒక్క మాట కూడా మెత్తబడలేదని గమనించు. "మరిచిపోయారనే అనుకుంటున్నాను" అన్నది నీకు నచ్చదని తెలుసు. అయినా ఉంచు. అతను వెనక్కి తగ్గడానికి కాస్త చోటుండాలి, లేకపోతే ఒప్పుకోడు. "మెచ్చుకున్నారు" అన్నది కూడా తీసెయ్యకు, ఆ మాట నిజమే కదా. స్ట్రక్చర్ బాగుందని ఫోన్‌లో నువ్వే చెప్పావు.

చివర్లో నీకు అలవాటైన "లేనిపక్షంలో పరిణామాలు తీవ్రంగా ఉంటాయి" అన్న వాక్యం మాత్రం చేర్చకు, నీకు దండం పెడతా. ఏ పరిణామం ఏ రోజో పైన రాసేశాం. కొత్తగా కేకలెయ్యాల్సిన పని లేదు.

వాట్సాప్‌తో పాటు అతని మెయిల్‌కి కూడా పంపు. చూళ్లేదు అనడానికి ఉండదు. అతను వెంటనే ఫోన్ చేసి "మాస్టారూ, రేపే మనుషుల్ని పంపిస్తా" అంటాడు చూడు. తిట్టకు, కరిగిపోనూ వద్దు. "సంతోషం బాబూ, అదే ముక్క మెసేజ్‌లో పెట్టు" అను చాలు. మిగతా 30,000లో ముందు ఓ పదివేలు పంపమని అడిగితే, లెక్కలన్నీ అమ్మాయి చూస్తోందని నా నంబరు ఇచ్చెయ్.