నిమ్మకాయలో కరెంటు లేదు

"కరెంటు అంటే ఏందిరా?" అని సుజాత టీచర్ అడిగితే ఏడో తరగతిలో మూడు జవాబులొచ్చాయి. స్తంభం మీదికెల్లి వచ్చేది. ముట్టుకుంటే గుంజి కొట్టేది. నెలనెలా బిల్లు వచ్చేది.

"మూడూ నిజమే. తీగలో ఏం నడుస్తదో మాత్రం ఎవ్వరూ చెప్పలే."

చేవెళ్ల దారిలో ఉన్న ఊరు అది. హైస్కూల్లో సైన్సు ల్యాబు అంటే ఒక చెక్క బీరువా. అందుకే టీచర్ ఆదివారం కోఠి వెళ్లి, గుజరాతీ గల్లీలో ఒక చిన్న మల్టీమీటరు, గుప్పెడు ఎర్ర ఎల్‌ఈడీలు, మొసలి క్లిప్పులున్న వైర్లు తెచ్చింది. నిమ్మకాయలు, రేకులకు కొట్టే జీఐ మేకులు, రాగి తీగ పిల్లలు తేవాలి.

ముందు తీగ ముక్క చూపించింది. "రాగిలో ప్రతి పరమాణువు దగ్గరా ఒక ఎలక్ట్రాను వదులుగా ఉంటది. ఈ తీగ నిండా అవే. అవన్నీ ఒకే దిక్కుకు జరిగితే దాన్నే కరెంటు అంటం. జరగాలంటే నెట్టేది ఒకటి కావాలె. బ్యాటరీ చేసేది ఆ నెట్టుడే."

"స్విచ్ వేస్తె లైటు ఎంటనే వస్తది గద టీచర్, అంత జోరుగ ఉరుకుతయా?" శ్రీకాంత్ అడిగాడు.

"లేదు. సెకనుకు ఒక మిల్లీమీటరు కూడా జరగవు. సైకిల్ తొక్కినప్పుడు చైన్ మొత్తం ఒక్కసారే కదులుతది కదా, పెడల్ దగ్గరి లింకు వెనక దాకా పోయేదాంక చక్రం ఆగదు. ఇదీ అంతే. బల్బులో ఉన్న ఎలక్ట్రాన్లు అక్కడికక్కడే కదులుతయి."

ఇక నిమ్మకాయ. బల్ల మీద అరచేత్తో నొక్కుతూ దొర్లించమంది. లోపలి తొనలు పగిలి రసం ఊరాలి, తోలు మాత్రం చిట్లకూడదు. ఒక పక్క జీఐ మేకు, ఇంకో పక్క రాగి తీగ, రెండూ అంగుళం లోతు దించాలి. నడుమ వేలెడు ఎడం ఉండాలి. లోపల రెండూ తాకితే ఎలక్ట్రాన్లు అడ్డదారిన అక్కడికక్కడే దాటిపోతాయి, బయటి వైరుకు ఏమీ రాదు. మీటరు నాబును 20 వోల్టుల డీసీ మీద పెట్టింది. ఎర్ర వైరు రాగికి, నల్ల వైరు మేకుకు.

0.93.

పిల్లలు చప్పట్లు కొట్టారు. వెనక బెంచీ మహేశ్ కాయకు మాత్రం సున్నానే చూపించింది. వాడు తెచ్చింది కాలిపోయిన బోరు మోటరు చుట్టల తీగ. చూడటానికి తళతళలాడుతుంది, కానీ ఆ మెరుపు పైన పూసిన వార్నిషుది. గరుకు కాగితంతో రెండు కొసలూ ఎర్రబడేదాకా గీకితే మీటరు లేచింది. లావణ్య కాయలో సగమే వచ్చింది, 0.45. ఆమె మేకు ఉత్త ఇనుపది. జీఐ మేకు మీద జింకు పూత ఉంటుంది, మనకు కావాల్సింది ఆ పూతే.

"ఒక్క కాయతోని బల్బు వెలుగదా?" మహేశ్ అప్పటికే టార్చిలైటు బల్బు విప్పి పట్టుకున్నాడు. పెట్టి చూడమంది టీచర్. వెలగలేదు. మూడు కాయలు కలిపినా వెలగలేదు. ఆ బల్బులో తీగ ఎర్రగా కాలాలంటే ఆంపియరులో నాలుగో వంతైనా కావాలి. నిమ్మకాయ ఇచ్చేది మిల్లీఆంపియరు లెక్క, అంటే ఆంపియరులో వెయ్యో వంతు. ఎల్‌ఈడీకి ఆ కొంచెమే చాలు, అయితే దానికి 1.7, 1.8 వోల్టుల దాకా నెట్టుడు కావాలి. అందుకే మూడు కాయలు: మొదటి దాని రాగి నుంచి రెండో దాని మేకుకు, రెండో దాని రాగి నుంచి మూడో దాని మేకుకు.

లావణ్య జట్టు కలిపితే 2.8 రావాల్సిన చోట 0.9 వచ్చింది. టీచర్ ఏమీ చెప్పకుండా వాళ్లనే వైరు వెంట వేలు పెట్టి పొమ్మంది. మధ్య కాయ తిరగబడి ఉంది, మేకుకు మేకు తగిలించారు. ఒకటి ముందుకు నెడితే ఒకటి వెనక్కి నెట్టింది, మిగిలింది మూడోది ఒక్కటే. మార్చాక 2.8. ఎల్‌ఈడీ పొడుగు కాలు రాగి వైపు, పొట్టి కాలు మేకు వైపు పెట్టారు. తిప్పి పెడితే అసలు వెలగదు. కిటికీలు మూసి, చేతులు అడ్డం పెట్టి చూస్తే చిన్న ఎర్ర చుక్క.

"వెలిగింది కానీ మీటరుల 1.7కు పడ్డది టీచర్!"

"పడుతది. రసంలోంచి దారి ఇరుకు. కరెంటు తీసుకున్నప్పుడు నెట్టుడులో కొంత లోపల్నే ఖర్చయితది."

"అంటే నిమ్మకాయల కరెంటు ఉన్నది," అని తేల్చేశాడు శ్రీకాంత్.

టీచర్ కాదనలేదు. ఆ కాయలో మేకు పీకేసి ఇంకో రాగి తీగ గుచ్చమంది. మీటరు సున్నా దగ్గరే ఆగింది. తర్వాత ఒక గ్లాసులో చిక్కటి చింతపండు పులుసు పోసి మేకు, రాగి దించింది. మళ్లీ 0.9 చుట్టుపక్కలే. కాయ లేకున్నా వచ్చింది. కాయ ఉన్నా, రెండూ రాగే అయితే రాలేదు. శ్రీకాంత్ మేకును చేతిలోకి తీసుకుని చూశాడు. పులుపులో మునిగిన మేర మెరుపు పోయి నల్లబడింది.

"జింకు అరుగుతున్నది," అన్నాడు మెల్లగా.

"ఆఁ. జింకు పరమాణువు రసంలోకి దిగేటప్పుడు రెండు ఎలక్ట్రాన్లను మేకు మీదనే ఇడిసిపోతది. అవి మీ వైరు పట్టుకొని, ఎల్‌ఈడీ గుండా రాగి దగ్గరికి పోతయి. అక్కడ పులుపులో ఉన్న హైడ్రోజన్ వాటిని తీసుకొని బుడగలైతది. పులుపు ఉన్నది దారి కోసం, ఆ ఎలక్ట్రాన్లను తీసుకునేటందుకు. ఖర్చయ్యే సరుకు జింకు." ఇటలీలో వోల్టా అనే శాస్త్రవేత్త 1800లో లోకానికి చెప్పింది కూడా ఇలాంటిదే: జింకు బిళ్ల, వెండి బిళ్ల, నడుమ ఉప్పునీళ్లలో తడిపిన గుడ్డ, ఇలా దొంతరగా పేర్చాడు.

అప్పుడు సంచిలోంచి పాత టార్చిలైటు సెల్లు తీసింది. చేతికి గ్లవుజులు వేసుకుని ఇంటి దగ్గరే రంపంతో నిలువునా కోసి తెచ్చింది. మధ్యలో కార్బన్ పుల్ల, అది ప్లస్. చుట్టూ నల్లటి మాంగనీసు డయాక్సైడు ముద్ద, ఎలక్ట్రాన్లు చివరికి చేరేది దానికి. బయటి డబ్బానే జింకు, అది మైనస్. ఆ డబ్బాకు రెండు చోట్ల చిల్లులు పడి ఉన్నాయి. పాత సెల్లు గడియారంలో కారి పాడుచేసేది అందుకే, డబ్బా తానే కరిగిపోతుంది. అయిపోయిన సెల్లును తీసేయకుండా వదిలేసేవాళ్లు ఇది ఒకసారి చూడాలి.

"మీరు మాత్రం కోయద్దు. ఆల్కలైన్ దాంట్లో ఉన్న క్షారం చేతులు కాలుస్తది, ఫోన్ బ్యాటరీ అయితే మంటనే లేస్తది. ఈ వైర్లు పట్టుకొని ఇంట్ల ప్లగ్గు దగ్గరికి పోయినా ఊకోను. ఇక్కడ మూడు వోల్టులు, చర్మం దాటి లోపలికి పోయే బలం దానికి లేదు. అక్కడ 230."

"మరి ఫోన్‌ది అరిగిపోదా? రోజూ చార్జింగ్ పెడుతం కద?"

"మంచిగ అడిగినవ్. మీ బాబాయి ఆటో బ్యాటరీని చూసి రా, రేపు దాంతోని మొదలుపెడుదం. అందులో సీసం పలకలు మారిపోతయి, బయటినుంచి కరెంటు ఎదురు పంపిస్తే మళ్లా మొదటి తీరుకొస్తయి."

గంట కొట్టారు. మహేశ్ నిమ్మకాయలన్నీ ఒక కవర్లో వేసుకున్నాడు.

"ఏం చేస్తవ్‌రా వాటిని?"

"షర్బత్ టీచర్. ఎండ మస్తున్నది."

"జింకు కలిసింది అండ్ల. చెత్త గుంతలో ఏసి, చేతులు సబ్బుతో కడుక్కో. మేకులు నాకియ్యి, పూత ఎంత మిగిలిందో చూడాలె."