మే నెల ముడిసరుకు, కూలి ఖర్చు: బడ్జెట్‌కీ అసలు ఖర్చుకీ తేడాల నివేదిక

మేనేజింగ్ పార్ట్‌నర్ గారికి,
ఆటోనగర్ యూనిట్, విశాఖపట్నం
తేదీ: 7 జూన్ 2025

సర్,

మే నెల లెక్క పైపైన చూస్తే మిగులు కనిపిస్తుంది. ఇనుము, కూలి కలిపి బడ్జెట్ రూ. 5,80,000 అనుకున్నాం. ఖర్చయింది రూ. 5,71,480. అంటే రూ. 8,520 ఆదా. మొన్న ఫోన్‌లో మీరు "పర్లేదు కదా" అన్నది ఈ అంకె చూసే. కానీ ఆ బడ్జెట్ 2,000 బ్రాకెట్లకు వేసింది. మనం మంచివిగా పాస్ చేసి పంపినవి 1,800 మాత్రమే. 200 తక్కువ చేసి డబ్బు మిగిలిందనుకోవడం సరికాదు. అందుకే ముందు బడ్జెట్‌ను 1,800కి కుదించి, ఆ తర్వాతే తేడాలు తీశాను.

ఒక్కో కేబుల్ ట్రే బ్రాకెట్‌కు మన ప్రామాణిక లెక్క: 4 కిలోల ఎల్ యాంగిల్, కిలో రూ. 60, అర గంట కూలి, గంటకు రూ. 100. నిజంగా వాడిన ఇనుము 7,560 కిలోలు, సగటు ధర రూ. 62.50. కూలి చెల్లించిన గంటలు 1,010, సగటున గంటకు రూ. 98.

| వివరం | 2,000కి బడ్జెట్ | 1,800కి సవరించిన బడ్జెట్ | అసలు ఖర్చు | సవరించిన దానిపై ఎక్కువ |
|---|---|---|---|---|
| ఇనుము | 4,80,000 | 4,32,000 | 4,72,500 | 40,500 |
| కూలి | 1,00,000 | 90,000 | 98,980 | 8,980 |
| మొత్తం | 5,80,000 | 5,22,000 | 5,71,480 | 49,480 |

అంటే 8,520 ఆదా కాదు, 49,480 అదనపు ఖర్చు.

ఇనుము ధర: రూ. 18,900 ఎక్కువ

7,560 కిలోల మీద కిలోకు రూ. 2.50 చొప్పున అదనంగా పడింది. ఇందులో రెండు ముక్కలున్నాయి. గాజువాక యార్డు నుంచి మామూలుగా వచ్చే సరుకు 5,472 కిలోలకు సగటు రూ. 61.16 పడింది. అది మార్కెట్ పెరుగుదల, రూ. 6,372 దాని వాటా. స్టీల్‌ప్లాంటు పక్కనే ఉన్నామని మనకేమీ ధర తగ్గించరు కాబట్టి దీని మీద మనకు పట్టు లేదు. మిగిలిన రూ. 12,528 మాత్రం మన చేతులారా వచ్చింది. నెల మధ్యలో సరుకు అయిపోయి, కంచరపాలెంలో ఒక రిటైల్ దుకాణం నుంచి 2,088 కిలోలు కిలో రూ. 66కి తెచ్చాం.

ఇనుము వాడకం: రూ. 21,600 ఎక్కువ

1,800 బ్రాకెట్లకు 7,200 కిలోలు సరిపోవాలి. 360 కిలోలు ఎక్కువ పోయింది. ఆ 360 ఎటు పోయిందో వెతికాను.

మొదటిది ఆ రిటైల్ సరుకే. బ్రాకెట్‌కు 420 మిల్లీమీటర్ల చేతులు రెండు. కటింగ్ బ్లేడు మందం 3 మిల్లీమీటర్లు కలిపితే ఒక్కో ముక్కకు 423. యార్డు నుంచి వచ్చే 6 మీటర్ల పొడవులో 14 ముక్కలు వస్తాయి, చివర 78 మిల్లీమీటర్ల తుండు మిగులుతుంది. రిటైల్‌లో తెచ్చిన పొడవులు టేపు పెట్టి కొలిస్తే 5.8 మీటర్లే. వాటిలో 13 ముక్కలే వస్తాయి, చివర జానెడు కంటే పెద్ద తుండు, 301 మిల్లీమీటర్లు, నేరుగా తుక్కులోకి పోతుంది. యార్డు పొడవులతో పోలిస్తే అలా 80 పొడవుల్లో సుమారు 82 కిలోలు అదనంగా పోయాయి. దింపించుకునేటప్పుడు బరువే చూశాం, పొడవు ఎవరూ చూడలేదు.

రెండోది తిరస్కరించిన బ్రాకెట్లు: 46, అంటే 184 కిలోలు. రంధ్రాలు గుర్తు దాటి పడ్డాయి. తనిఖీ రిజిస్టర్ ప్రకారం వీటిలో 39, మన సీనియర్ ఫ్యాబ్రికేటర్ మేనకోడలి పెళ్లికి 12 రోజులు సెలవు పెట్టినప్పుడే వచ్చాయి. ఆ రోజుల్లో డ్రిల్లింగ్ హెల్పర్ల చేతుల్లో ఉంది. జిగ్ ఉందిగాని దాని బిగింపు బోల్టు వదులైంది. ఆయన ఉంటే వేలితో తట్టి చూసి బిగించేవాడు, కొత్తవాళ్లకు ఆ సంగతి తెలియదు.

మూడోది 94 కిలోలు. ఇది నాకు లెక్క తేలలేదు. నెలాఖరు నిల్వ తూకంలో తప్పయినా అయ్యుండాలి, పక్క జాబ్‌కి తీసిన ముక్కలు స్టోర్ పుస్తకంలో రాయకపోయినా అయ్యుండాలి. దీని విలువ రూ. 5,640. ఎవరినీ అనుమానించి రాయడం లేదు. తుక్కు అమ్మగా వచ్చిన డబ్బు ఈ లెక్కలో కలపలేదు, అది వేరే ఆదాయం కింద ఉంది.

కూలి: రూ. 8,980 ఎక్కువ

గంట రేటులో రూ. 2,020 ఆదా వచ్చింది, సీనియర్ బదులు హెల్పర్లు పనిచేసినందుకు. ఈ ఒక్క అంకె మాత్రమే ఆదా వైపున ఉంది, కానీ దీన్ని చూసి సంతోషించకండి. ఇదే సెలవు రోజుల్లో పాడైన 39 బ్రాకెట్ల ఇనుమే రూ. 9,360.

ఖాళీగా గడిచిన గంటలు 40, విలువ రూ. 4,000. ఐదుగురు సరుకు కోసం ఐదేసి గంటలు కూర్చున్నారు: 25. కరెంటు పోయి మూడేసి గంటలు: 15.

మిగిలిన 970 గంటలు పని జరిగింది, 900లో అయిపోవాలి. అదనపు 70 గంటలకు రూ. 7,000. అందులో 23 గంటలు తిరస్కరించిన బ్రాకెట్ల మీద పోయాయి. మిగతా 47 కొత్త చేతుల నెమ్మదివల్ల కొంత, మే ఎండకు షెడ్డులో మధ్యాహ్నం రెండు దాటాక ఉక్కపోతవల్ల కొంత. ఇది ఎంత, అది ఎంత అని విడదీయలేను.

నా అభిప్రాయం

ఇనుము ధర, కొంత వాడకం, కొంత ఖాళీ సమయం వేర్వేరు వరుసల్లో కనిపిస్తున్నా వాటి మూలం ఒకటే, ఇనుము ఆర్డర్ ఆలస్యం. రిటైల్ ధర 12,528, పొట్టి పొడవుల నష్టం 4,920, కూర్చున్న గంటలు 2,500, మొత్తం రూ. 19,948. యార్డు వాళ్లను అనడానికి లేదు. పాత బిల్లు చెక్కు సంతకం కోసం మూడు రోజులు నా బల్ల మీదే ఉంది. మీరు శ్రీకాకుళంలో ఉన్నారు, నేనూ గట్టిగా గుర్తుచేయలేదు. అందులో నా వాటా నాదే.

జూన్‌కు ఈ మార్పులు అడుగుతున్నాను:

ఇనుము నిల్వ 2,000 కిలోలకు దిగగానే ఆర్డర్ పెట్టే అధికారం స్టోర్‌కు ఇవ్వండి. యార్డు చెల్లింపుకు మీరు ఊళ్లో లేనప్పుడు రెండో పార్ట్‌నర్ గారి సంతకం చెల్లేలా బ్యాంకులో రాయించాలి. రిటైల్‌లో కొనాల్సి వస్తే పొడవు కొలిచాకే దింపించుకోవాలి.

జిగ్ బోల్టు మార్పించడానికి వర్క్‌షాప్‌కు చెప్పాను, ఖర్చు రూ. 300 లోపే. హెల్పర్లలో ఒకరికి సీనియర్ దగ్గర పది రోజులు డ్రిల్లింగ్ నేర్పించమని కోరుతున్నాను. ఆయన ఒప్పుకున్నారు, కానీ "ఎండ తగ్గాక" అన్నారు.

ఇనుము ప్రామాణిక ధరను జూన్ నుంచి రూ. 61కి మార్చాను. కూలి గంటల ప్రమాణం మార్చలేదు, ఒక చెడ్డ నెలకు దాన్ని సడలిస్తే తర్వాత బిగించడం కష్టం. ఆ 94 కిలోల కోసం 14వ తేదీ శనివారం స్టోర్ మొత్తం మళ్లీ తూకం వేయిస్తున్నాను, మీరు ఉదయం పదింటికి వస్తే మీ ఎదుటే వేయిస్తాను.

ఇట్లు,
అకౌంట్స్ విభాగం