మొహర్రం పీర్ల ఊరేగింపునకు అనుమతి కోరుతూ అర్జీ

తేదీ: 08-06-2026
పెద్దచెరువుపల్లి

గౌరవనీయులైన సబ్ ఇన్‌స్పెక్టర్ గారికి,
గార్లదిన్నె పోలీస్ స్టేషన్,
అనంతపురం జిల్లా.

విషయం: పెద్దచెరువుపల్లి గ్రామంలో 2026 జూన్ 25, 26 తేదీల్లో జరిగే మొహర్రం పీర్ల ఊరేగింపు, అగ్నిగుండం, జలధి కార్యక్రమాలకు అనుమతి, బందోబస్తు కోరుతూ.

అయ్యా,

మా గ్రామ మొహర్రం ఉత్సవ కమిటీ తరఫున, పీర్ల సావిడి ముజావర్ గారితో కలిసి ఈ అర్జీ పెట్టుకుంటున్నాం. మీరు ఈ మధ్యే ఈ స్టేషన్‌కు బదిలీపై వచ్చారు కాబట్టి, తేదీలు, దారి రాసి ఊరుకోకుండా మా ఊరి పద్ధతి కూడా కాస్త వివరంగా రాస్తున్నాం. కొంచెం పొడుగైనా ఓపికగా చదవమని మనవి.

మా సావిడిలో ఐదు పీర్లు ఉన్నాయి. పెద్ద పీరు కుళ్లాయిస్వామి. పీర్లను ముజావర్ కుటుంబం చూసుకుంటుంది. గుండానికి కట్టెలు రైతులు ఇస్తారు. డప్పు కొట్టేది, కాగడాలు పట్టేది, మలీదా పంచేది అన్ని కులాలవాళ్లూ. మొక్కుకున్నవాళ్లు దట్టీలు కడతారు, చక్కెర చదివింపులు చేయిస్తారు. ఊళ్లో ముస్లిం కుటుంబాలు పదిహేను లోపే. ఊరేగింపులో నడిచేవాళ్లలో ఎక్కువమంది హిందువులే. ఇది రెండు వర్గాలు ఎదురుపడే ఊరేగింపు కాదని, ఊరంతా కలిసి చేసుకునే పండుగని మీ దృష్టికి తెస్తున్నాం. ఏర్పాట్లు అందుకు తగినట్టు నిర్ణయించుకోవడానికి ఇది మీకు పనికొస్తుందని మా ఉద్దేశం.

తేదీల గురించి ముందే ఒక మాట. జూన్ 16 సాయంత్రం నెలవంక కనబడితే 17న మొహర్రం నెల మొదలై, పదో రోజు జూన్ 26 శుక్రవారం అవుతుంది. ఆ రోజు కనబడకపోతే కార్యక్రమాలన్నీ ఒకరోజు వెనక్కి జరిగి 26, 27 తేదీల్లో పడతాయి. అందుకని రెండు జతల తేదీలకూ కలిపి ఒకే అనుమతి ఇప్పించమని కోరుతున్నాం. ఏది ఖాయమైందో జూన్ 17 ఉదయం పది గంటలలోపు మనిషిని పంపి, రాతపూర్వకంగా స్టేషన్‌లో తెలియజేస్తాం.

కార్యక్రమాల వివరం ఇది:

జూన్ 25, గురువారం రాత్రి పెద్ద సరిగెత్తు. ఐదు పీర్లు సావిడి నుంచి బయలుదేరి పెద్ద వీధి, కుమ్మరి వీధి, ఎస్సీ కాలనీ చుట్టి మళ్లీ సావిడికే వస్తాయి. ఇంతకుముందు ఇది రాత్రి పదిన్నరకు మొదలై తెల్లవార్లూ సాగేది. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు మైకులు, వాయిద్యాలు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు చెబుతున్నాయి. అందువల్ల ఈసారి సాయంత్రం ఆరున్నరకే మొదలుపెట్టి, పదికి డప్పులు ఆపేయాలని గ్రామసభలో మాట్లాడుకున్నాం. పెద్దవాళ్లలో కొందరికి ఇది నచ్చలేదు. అయినా ముజావర్ గారు ఒప్పుకున్నాక ఎవరూ ఎదురు చెప్పలేదు. పది తర్వాత సావిడి లోపల ఫాతిహా తప్ప బయట ఏ చప్పుడూ ఉండదు.

జూన్ 26, శుక్రవారం ఉదయం 6 నుంచి 7 గంటల దాకా అగ్నిగుండం. సావిడి ముందు గుండం ఆరడుగుల వెడల్పు ఉంటుంది. చింత మొద్దులు రాత్రే అంటించి, తెల్లారేసరికి నిప్పులు చేస్తారు. పీర్లు పట్టేవాళ్లు, ఉపవాసం ఉన్న మొక్కుబడిదారులు కలిపి ముప్పై మందికి మించి దిగరు. వాళ్ల పేర్లు ముందు రోజే రాసుకుంటాం. పిల్లలను ఎత్తుకుని దిగడం ఈ ఏడాది నుంచి పూర్తిగా నిషేధించాం. గుండం చుట్టూ ముప్పై అడుగుల దూరంలో సరుగుడు కర్రలతో కంచె కడతాం. రెండు నీళ్ల ట్యాంకర్లు, ఇసుక బస్తాలు పక్కనే ఉంచుతాం. అందరూ దిగాక నిప్పులను నీళ్లతో పూర్తిగా ఆర్పి, మట్టి కప్పిస్తాం. మధ్యాహ్నం దాకా బూడిద కింద వేడి తగ్గదు కాబట్టి అప్పటివరకు ఇద్దరు మనుషులు కాపలా ఉంటారు.

అదే రోజు మధ్యాహ్నం జలధి ఊరేగింపు. శుక్రవారం కావడంతో జుమ్మా నమాజు అయ్యాకే పీర్లు లేస్తాయి. 3 గంటలకు సావిడి నుంచి బయలుదేరి, మూడున్నరకు ఆంజనేయస్వామి గుడి ముందుకు చేరతాం. అక్కడ పీర్లు కాసేపు ఆగడం ఆనవాయితీ, అర్చకులు కొబ్బరికాయ కొడతారు. నాలుగుంబావుకు బస్టాండు కూడలి, 5 గంటలకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ఐదుముప్పావుకు చెరువు మరవ. ఆరున్నరకు జలధి ముగుస్తుంది. తర్వాత పీర్లను గుడ్డల్లో చుట్టి, డప్పులు లేకుండా సావిడికి తెచ్చి పెట్టెలో పెట్టేస్తాం. ఏడున్నరకల్లా అంతా అయిపోతుంది. ఈ కాలంలో మా చెరువులో మోకాలిలోతు నీళ్లు కూడా ఉండవు. అందుకని మరవ దగ్గర తొట్టికి బోరు నీళ్లు పట్టిస్తున్నాం. జనం చెరువులో దిగే అవసరమే రాదు.

ఒకవేళ జలధి 27వ తేదీ శనివారం పడితే బయలుదేరే వేళ మారదు. గుడిలో శనివారం భజన సాయంత్రం ఆరుకు మొదలవుతుంది, మేము నాలుగు గంటలకే గుడి దాటేస్తాం. ఈ సంగతి భజన మండలివాళ్లతో ముందే మాట్లాడుకున్నాం. ఆ రోజు బడి ఉంటే మాత్రం, పిల్లలు ఇళ్లకు వెళ్లేదాకా బడి వీధి వైపు డప్పులు మోగకుండా చూస్తాం.

జలధి ఊరేగింపులో రెండు వేల నుంచి రెండున్నర వేల మంది దాకా ఉండొచ్చని మా అంచనా. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చేవాళ్లు ఇందులో సగం పైనే. వాళ్ల ఆటోలు, ట్రాక్టర్లు ఊరి బయట కళ్లం దగ్గరే ఆపేలా స్థలం చదును చేయించాం.

డీజే పెట్టడం లేదు. హిజ్రీ 61లో, అంటే క్రీస్తుశకం 680లో, కర్బలాలో ఇమాం హుస్సేన్ గారు వీరమరణం పొందిన రోజు ఇది. ఆ దుఃఖాన్ని తలుచుకునే రోజున సినిమా పాటలేమిటని కమిటీలో కుర్రాళ్లే అడిగారు. డప్పులు, తాసాలు మాత్రమే ఉంటాయి. ఆరోగ్య కేంద్రానికి అటూ ఇటూ వంద మీటర్ల దూరం అవి కూడా ఆపి నడుస్తాం. టపాసులు కాల్చం. కత్తులు, కర్రసాము ప్రదర్శనలు ఉండవు. దారిలో పార్టీల జెండాలు, నాయకుల ఫ్లెక్సీలు కట్టనివ్వం. ఎవరైనా రాత్రికి రాత్రి కట్టినా మా వాళ్లే విప్పేస్తారు, దానికి మీ అండ కావాలి.

మాకు నిజంగా టెన్షన్ ఉన్నది రెండు చోట్ల. మొదటిది నూనె మిల్లు మూల. పెద్ద పీరు కర్రతో కలిపి తొమ్మిది అడుగులు ఉంటుంది. పైన వెండి పంజా, దాని కింద పూలదండలు, దట్టీలు. భుజం మీదికి ఎత్తితే పద్నాలుగు అడుగుల దాకా పోతుంది. పీరు పట్టినవాళ్లకు పూనకం వస్తే ముందుకు ఉరుకుతారు, పక్కకు తూలుతారు. ఆ మూల కరెంటు తీగలు కిందికి వేలాడుతున్నాయి, దట్టీలు తడిగా ఉంటే ప్రమాదం. తీగలు బిగించమని విద్యుత్ శాఖ ఏఈ గారికి విడిగా అర్జీ ఇచ్చాం. అప్పటికీ పని పూర్తికాకపోతే జూన్ 25 రాత్రి ఏడున్నర నుంచి ఎనిమిది దాకా, 26 మధ్యాహ్నం మూడున్నర నుంచి నాలుగున్నర దాకా ఆ లైనుకు సరఫరా ఆపించి, ఒక లైన్‌మెన్‌ను మాతో ఉంచేలా మీరూ ఒక మాట చెప్పగలరు. మా వైపు నుంచి ఒక్కో పీరు చుట్టూ ఆరుగురు తాడు పట్టుకుని వలయంలా నడుస్తారు. ఆ మూల దాటేదాకా పీర్లను నిలువుగా కాకుండా వాల్చి తీసుకెళ్లడానికి ముజావర్ గారు అంగీకరించారు.

రెండోది బస్టాండు కూడలి. అక్కడి నుంచి ఆరోగ్య కేంద్రం దాకా సుమారు నాలుగు వందల మీటర్లు ఆర్ అండ్ బీ రోడ్డు మీదే నడవాలి. వేరే దారి లేదు. రోడ్డుకు ఎడమ సగంలోనే నడుస్తూ, కుడి సగం వాహనాలకు వదిలేస్తాం. ఆ గంట సేపు లారీలను ఊరి బయటే ఆపి, ఆర్టీసీ బస్సులను చెరువు కట్ట కింది దారిలో మళ్లిస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు. 108 అంబులెన్సు వస్తే ఊరేగింపు ఎక్కడున్నా సరే పక్కకు జరిగి దారి ఇస్తాం.

నలభై మంది వాలంటీర్లు పచ్చ కండువాతో ఉంటారు, వాళ్లలో ఎనిమిది మంది ఆడవాళ్లు. అందరి పేర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్ జిరాక్సులు జతచేశాం. తాగి వచ్చినవాళ్లను పీరు ముట్టనివ్వం. ఆ రెండు రోజులు మద్యం దుకాణం మూయించాలా వద్దా అన్నది పై అధికారుల నిర్ణయం. మూయిస్తే మాత్రం మా వాలంటీర్లకు సగం పని తగ్గుతుంది.

బందోబస్తుకు సరిగెత్తు రాత్రి నలుగురు, జలధి రోజు పది మంది సిబ్బంది, అందులో ఇద్దరు మహిళా కానిస్టేబుళ్లు ఉంటే బాగుంటుందని మా మనవి. సంఖ్య మీ ఇష్టం. జిల్లాలో పోలీసు చట్టం సెక్షన్ 30 అమల్లో ఉండి, డీఎస్పీ గారి ఉత్తర్వు అవసరమైతే ఈ అర్జీని మీ సిఫారసుతో పైకి పంపగలరు. దారిలోగానీ, వేళల్లోగానీ మార్పు చేయాలనిపిస్తే చెప్పండి, మేం సర్దుకుంటాం. ఒకసారి మీరే వచ్చి దారి చూస్తానంటే, ఏ రోజు వీలైతే ఆ రోజు మిమ్మల్ని వెంట తీసుకెళ్లి చూపిస్తాం.

అనుమతి జూన్ 19లోగా అందితే, 20న చుట్టుపక్కల ఊళ్లలో దండోరా వేయించి వేళలు, వాహనాలు ఆపే చోటు అందరికీ తెలియజేయడానికి వీలవుతుంది. మీరు విధించే షరతులన్నీ పాటిస్తామని, ఏ లోపం జరిగినా కింద సంతకం చేసిన మేమే బాధ్యత వహిస్తామని హామీ ఇస్తున్నాం.

ఇట్లు,
భవదీయులు,

షేక్ మహబూబ్ బాషా, ముజావర్, పీర్ల సావిడి
కె. నారాయణరెడ్డి, అధ్యక్షుడు, మొహర్రం ఉత్సవ కమిటీ
బోయ ఓబులేసు, కార్యదర్శి
పెద్దచెరువుపల్లి, గార్లదిన్నె మండలం

జతచేసినవి: ఊరేగింపు దారి పటం, వాలంటీర్ల జాబితా, గ్రామసభ తీర్మానం నకలు, ఏఈ గారికి ఇచ్చిన అర్జీ నకలు.

ప్రతులు: తహసీల్దార్ గారికి, ఎంపీడీవో గారికి, పంచాయతీ కార్యదర్శి గారికి, విద్యుత్ శాఖ ఏఈ గారికి, అగ్నిమాపక కేంద్రం అధికారి గారికి, ఆరోగ్య కేంద్రం వైద్యాధికారి గారికి.