అత్తయ్య నిలుచున్న వైపు

పెరంబూరు ఇంటి హాలులో ఏళ్ల తరబడి వేలాడిన ఫొటోను పాత ఫ్రేములోంచి విప్పుతున్నప్పుడు, గోడ చెమ్మకు అద్దాన్ని అంటుకుపోయిన కుడివైపు కింది మూల చిరిగి, ఆ చిరుగు లోపలికి పాకింది. ఫ్రేములు కట్టే కుర్రవాడు ఆ పక్క అంచును పైనుంచి కిందిదాకా అరంగుళం కోసేస్తే సరిపోతుందన్నాడు. తాతయ్య ఒప్పుకోక, ఫొటోను ఇంటికి తెచ్చేసుకున్నారు.

1956లో ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికి, నెల్లూరు నుంచి మద్రాసుకు వచ్చిన కొత్తలో ఆయన తండ్రి తీయించిన ఫొటో అది. కుర్చీలో తండ్రి, పక్కన తల్లి, ముందు నిక్కర్లతో ఇద్దరు పిల్లలు, కుడి అంచున అందరికీ కాస్త ఎడంగా తెల్లచీరలో మేనత్త. చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుని పుట్టింటికి చేరిన ఆవిడ, శుభమా అని తీయించుకునే ఫొటోలో తానెందుకని స్టూడియో గుమ్మం దగ్గరే ఆగిపోతే, "నువ్వు రాకపోతే ఈ ఫొటోయే వద్దు" అంటూ తండ్రి కుర్చీలోంచి లేచారు. ఆవిడ వచ్చింది గాని, అంచు దాటి లోపలికి రాలేదు. ఇప్పుడు ఫొటో వెలిసిపోయి, ఆ తెల్లచీర వెనకనున్న తెరలో దాదాపు కలిసిపోయింది; ఎవరైనా చూపిస్తేనే అక్కడొక మనిషి ఉన్నదని తెలుస్తుంది. కుర్రవాడికి కనిపించకపోవడంలో వింత లేదు.

"స్కాన్ చేయిస్తే మూల కూడా బాగుచేసి ఇస్తారు కదా, తాతయ్యా?" అంది మనవరాలు.

"చేయిద్దాం, తల్లీ. కానీ ఆవిడ నిలబడినప్పటి కాగితం ఇదే. ముందు దీన్ని నిలబెట్టాలి."

అదే ఫ్యాక్టరీలో రేకుల మీద గీతలు గీసి, కోసి రిటైరైన మనిషి ఆయన. ఫొటోను మందపాటి అట్టమీద పరిచి, భూతద్దంతో చిరుగు కొసను వెతికి, అది చీర కుచ్చిళ్లకు వెంట్రుకవాసి దూరంలో ఆగిందని చూసుకున్నారు. కొస ఉన్న మేర మాత్రమే పోయేలా స్టీలు స్కేలును ఏటవాలుగా ఆనించి, కొత్త బ్లేడుతో, ఏమాత్రం అదమకుండా, ఒకే గీత మీద మళ్లీ మళ్లీ లాగారు. గోరంత ముక్క విడివడింది. అత్తయ్య పాదాలు రెండూ మిగిలాయి.

తర్వాత ఫొటోను శుభ్రమైన గుడ్డమీద బోర్లించి, మనవరాలికి మెత్తని పెన్సిలు ఇచ్చి, ముందువైపు అచ్చు పడకుండా తేలిగ్గా పేర్లు రాయమన్నారు. బడిలో తమిళమే నేర్చిన ఆ పిల్ల, ఆయన దగ్గర నేర్చుకున్న తెలుగు అక్షరాలను గుర్తు చేసుకుంటూ, "కుర్చీలో ఉన్న ముత్తాతగారి నుంచి మొదలుపెట్టనా?" అని అడిగింది.

"కాదు, అత్తయ్య నుంచి. ఆవిడ పేరు చెబుతాను, రాసుకో."